రాసిన జీతం, చెప్పిన జీతం



ఈ రోజు గల్ఫ్ అప్పు గురించి మాట్లాడుకుందాం. గల్ఫ్‌లో ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో చేసే అప్పు అన్నమాట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల్లో ఈ అప్పు తెలియని వాడకట్టు ఉండదు. అటు కోనసీమలో, కడప వైపు కూడా అంతే.

గల్ఫ్‌కు వెళ్లొద్దని చెప్పడానికి నేను రాలేదు. వెళ్లి సంపాదించి ఇల్లు కట్టుకున్నవాళ్లు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసినవాళ్లు మన ఊళ్లల్లోనే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది ఒక లెక్క. అప్పు నోటు మీద సంతకం పెట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క. పావుగంట పడుతుంది. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తెచ్చుకోండి. అంకెలు మెల్లగా చెబుతాను. ముఖ్యమైనవి రెండోసారి కూడా చెబుతాను.

ముందు ఈ వ్యవహారం ఎలా మొదలవుతుందో చూద్దాం. ఏజెంటు ఎప్పుడూ కొత్త మనిషి కాడు. మన ఊరివాడో, పక్క ఊరివాడో అయి ఉంటాడు. మేనత్త కొడుకో, బావమరిది స్నేహితుడో అయి ఉంటాడు. ఒకప్పుడు తానూ దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పని చేసి వచ్చి ఉంటాడు. అందుకే నమ్ముతాం. "దుబాయ్‌లో క్లీనింగ్ కంపెనీ, మంచి వీసా, నెలకు 1,200 దిర్హామ్‌లు, తిండి, రూమ్ కంపెనీవే" అంటాడు. "సీట్లు నాలుగే ఉన్నాయి, రెండు అయిపోయాయి" అంటాడు. "లక్షా ఇరవై వేలు కట్టు, నెలలో విమానం ఎక్కిస్తా" అంటాడు.

ఈయన్ని మనం ఏజెంటు అంటాం. చాలాసార్లు ఈయన సబ్ ఏజెంటు మాత్రమే. హైదరాబాద్‌లోనో, ముంబైలోనో ఉన్న ఆఫీసుకు మనుషుల్ని చూపించి, మధ్యలో తన వాటా తీసుకుంటాడు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే మన దేశంలో లైసెన్సు ఉండాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఆ మాట చెబుతోంది. కేంద్ర విదేశాంగ శాఖ కింద ఉండే ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి ఆ లైసెన్సు ఇస్తారు. ఊళ్లో తిరిగే మధ్యవర్తికి ఆ లైసెన్సు ఉండదు. మన దగ్గర డబ్బు వసూలు చేసే హక్కూ ఆయనకు ఉండదు.

ఇక మొదటి అంకె చెబుతున్నాను. లైసెన్సున్న ఏజెంటు ఒక కార్మికుడి దగ్గర తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే 35,400 రూపాయలు. అంతకు మించి తీసుకోకూడదు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. మరోసారి చెబుతున్నాను, 35,400 రూపాయలు.

దుబాయ్ వైపు చట్టం ఇంకా గట్టిగా ఉంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2021లో తెచ్చిన కార్మిక చట్టం ప్రకారం మనిషిని పనిలోకి తెచ్చుకునే ఖర్చు యజమానిదే. ఆ ఖర్చును కార్మికుడి మీద నేరుగా గానీ, మరో దారిలో గానీ వేయకూడదు. అంటే మీ వీసాకు కంపెనీ డబ్బు కట్టింది. అదే వీసాను మధ్యలోవాళ్లు మీకు మళ్లీ అమ్ముతున్నారు. లక్షా ఇరవై వేలలో 35,400 తీసేస్తే మిగిలేది 84,600. ఆ 84,600 ఎందుకు కడుతున్నామో ఏ కాగితం మీదా ఉండదు. అబద్ధపు హామీ ఉండేది ఆ డబ్బులోనే. ఎంత పెద్ద జీతం చెబితే అంత పెద్ద మొత్తం అడగొచ్చు కదా. అందుకే జీతం పెంచి చెబుతారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మీ తమ్ముడే వెళ్తున్నాడనుకోండి. ఏజెంటుకు 1,20,000. మెడికల్ పరీక్ష, ముంబై ప్రయాణం, బట్టలు, చేతి ఖర్చులు అన్నీ కలిపి ఇంకో 20,000. మొత్తం 1,40,000. ఇంట్లో అంత డబ్బు లేదు. పట్టాదారు పాసుపుస్తకం పెట్టి, ప్రోనోటు రాసి, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. నెలకు నూటికి మూడు. కోస్తాలో వినేవాళ్లు వడ్డీ అనుకోండి, లెక్క ఒకటే. లక్షా నలభై వేలకు నెల మిత్తి 4,200 రూపాయలు. ఈ అంకె రాసి పెట్టుకోండి. నెలకు 4,200.

మిత్తి ఏ రోజు మొదలైంది? అప్పు తెచ్చిన రోజే మొదలైంది. జీతం ఏ రోజు మొదలవుతుంది? అక్కడే మొదటి దెబ్బ. నెలలో విమానం అన్నాడు. వీసా రాలేదు. మెడికల్ అయ్యింది, ఇంటర్వ్యూ వాయిదా పడింది. మూడు నెలలు గడిచాయి. తర్వాత వెళ్లాడు. మొదటి నెల పని చేశాక గానీ జీతం రాదు. కొన్ని కంపెనీలు ఇంకొంచెం ఆలస్యం చేస్తాయి. కాబట్టి డబ్బు కట్టిన రోజు నుంచి మొదటి జీతం ఇంటికి చేరేదాకా అయిదు నెలలనుకోండి. అయిదు నెలల మిత్తి, 4,200 చొప్పున, 21,000 రూపాయలు. మొదటి రూపాయి పంపక ముందే అప్పు 1,61,000 అయింది.

ఏజెంటు చెప్పిందే నిజమైతే ఏం జరుగుతుందో ముందు చూద్దాం. దిర్హామ్ ధర రోజూ మారుతుంది. లెక్క కోసం 23 రూపాయలు అనుకుందాం. 1,200 దిర్హామ్‌ల జీతం. తిండి, రూమ్ కంపెనీవే. చేతి ఖర్చులకు 200 పోయినా 1,000 దిర్హామ్‌లు మిగిలాయి. అంటే 23,000 రూపాయలు. అందులో ఇంటి ఖర్చుకు, అమ్మ మందులకు, పిల్లల చదువుకు 8,000. అప్పుకు 15,000 కట్టొచ్చు. ఇలా కడితే పద్నాలుగో నెలకల్లా అప్పు తీరుతుంది. రెండేళ్ల వీసాలో ఇంకా పది నెలల సంపాదన మిగులుతుంది. ఇది చూసే మనవాళ్లు వెళ్తున్నారు. ఈ లెక్క చూస్తే ఎవరైనా వెళ్తారు.

మరి ఈ 1,200 ఎక్కడ రాసి ఉంది?

పాడిబర్రెను కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? అమ్మేవాడు పూటకు ఆరు లీటర్లు ఇస్తుందంటాడు. ఆ మాట విని డబ్బు ఇచ్చేస్తామా? ఇవ్వం. సాయంత్రం వెళ్లి దగ్గర నిలబడి పిండిస్తాం. మళ్లీ పొద్దున వెళ్లి పిండిస్తాం. ఎందుకంటే ఒక పూట పిండకుండా ఆపితే రెండో పూట పొదుగు నిండుగా కనిపిస్తుందని మనకు తెలుసు. రెండు పూటలా కొలిచిన పాలను బట్టే ధర మాట్లాడతాం. అప్పు తెచ్చి కొనేవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా ఉంటారు. ఈ పాల డబ్బుతో నెల మిత్తి వెళ్తుందా, దాణా ఖర్చు వెళ్తుందా అని ముందే చూసుకుంటారు.

గల్ఫ్ జీతాన్ని కూడా అలాగే కొలిచి చూడాలి. ఏజెంటు నోటితో చెప్పిన జీతాన్ని పక్కన పెట్టండి. ఒప్పంద పత్రంలో బేసిక్ జీతం అని ఉంటుంది. ఆ గడిలో ఎంత ఉందో అదే జీతం. మీ తమ్ముడి కాగితంలో అక్కడ 800 దిర్హామ్‌లు ఉందనుకోండి. అడిగితే ఏజెంటు వెంటనే అంటాడు, "బేసిక్ అంతే ఉంటది, ఓటీ కలిపితే 1,200 దాటుతది" అని.

ఈ ఓటీ మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. ఓటీ అంటే ఓవర్‌టైమ్, ఎనిమిది గంటలు దాటి చేసిన పని. ఎమిరేట్స్ చట్టం ప్రకారం మామూలుగా రోజుకు రెండు గంటలకు మించి ఓటీ చేయించకూడదు. పగటి పూట ఓటీకి బేసిక్ గంట జీతం మీద పాతిక శాతం ఎక్కువ ఇవ్వాలి. 800 దిర్హామ్‌ల బేసిక్‌కు గంట జీతం మూడు దిర్హామ్‌ల పైచిలుకు. పాతిక శాతం కలిపితే నాలుగు దిర్హామ్‌ల పైచిలుకు. నెలలో 26 రోజులు, రోజూ రెండు గంటలు చేశాడనుకోండి. 52 గంటలకు సుమారు 217 దిర్హామ్‌లు వస్తాయి. అంటే రోజూ ఓటీ దొరికినా, ఒక్క రోజు జ్వరం రాకపోయినా 1,020 దగ్గర ఆగుతుంది. చెప్పిన 1,200 రావాలంటే రోజుకు మూడున్నర గంటలకు పైగా ఓటీ చేయాలి. అంటే రోజుకు దాదాపు పన్నెండు గంటల పని. కాబట్టి ఏజెంటు చెప్పిన జీతం చట్టం లోపల వచ్చేది కాదు. ఈ సంగతి ఊళ్లో కూర్చుని, సెల్‌ఫోన్‌లో లెక్క చేసి తెలుసుకోవచ్చు.

ఓటీ వస్తే మంచిదే. కంపెనీకి పని ఎక్కువున్నప్పుడు వస్తుంది, తగ్గినప్పుడు ఆగిపోతుంది. అది మన చేతిలో లేనిది. అందుకని అప్పు లెక్కలో దాన్ని కలపొద్దు.

ఇప్పుడు రాసిన జీతంతో అదే లెక్క మళ్లీ వేద్దాం. 800 దిర్హామ్‌లు. రూమ్ కంపెనీదే. తిండి మాత్రం సొంతం అని కాగితంలో ఉంది. తిండికి, ఫోనుకు కలిపి 350 దిర్హామ్‌లు అనుకుందాం. నలుగురు కలిసి వండుకుంటే సరిపోతుంది. మిగిలింది 450 దిర్హామ్‌లు. రూపాయల్లో 10,350. ఇంటి ఖర్చు అదే 8,000. అప్పుకు మిగిలింది 2,350 రూపాయలు.

నెల మిత్తి ఎంత అనుకున్నాం? 4,200.

మిగులు 2,350. మిత్తి 4,200. అంటే నెల నెలా డబ్బు పంపుతున్నా అప్పు నెలకు 1,850 రూపాయల చొప్పున పెరుగుతుంది. రెండేళ్లు, అంటే 24 నెలల్లో, 44,400 పెరుగుతుంది. వెళ్లక ముందు పేరుకున్న 21,000 ఉంది కదా, అదీ కలపండి. రెండేళ్లు ఎండలో పని చేసి తిరిగొచ్చే రోజుకు 1,40,000 అప్పు 2,05,400 అవుతుంది. మిత్తి మీద మిత్తి వేయకుండానే ఇంత. చక్రవడ్డీ వేసేవాడి దగ్గర ఇంకా ఎక్కువ. ఇంట్లో ఒక్క రూపాయి కూడా వాడకుండా 10,350 మొత్తం అప్పుకే కట్టినా తీరడానికి దాదాపు 21 నెలలు పడుతుంది. అప్పుడు వీసా గడువు మూడు నెలలు మిగులుతుంది.

అదే మీరు 35,400 మాత్రమే కట్టి, ఆ 20,000 ఖర్చులు కలిపి 55,400 అప్పు తెచ్చారనుకోండి. అదే మూడు రూపాయల మిత్తి. నెలకు 1,662 అవుతుంది. 2,350 మిగులులో మిత్తి పోగా ఇంకా ఏడు వందల దాకా ఉంటుంది. ఓటీ వచ్చిన నెల అసలు తగ్గుతుంది. సంపాదన పెద్దదేమీ కాదు, కానీ అప్పు మాత్రం పెరగదు. ఉద్యోగం అదే, జీతం అదే. తేడా వచ్చింది ఏజెంటుకు కట్టిన డబ్బులోనే.

కాబట్టి నేను చెప్పదలచుకున్న లెక్క ఇదీ. కాగితం మీద రాసిన బేసిక్ జీతం తీసుకోండి. అందులో అక్కడి తిండి ఖర్చు తీసేయండి. ఇక్కడి ఇంటి ఖర్చు తీసేయండి. మిగిలినదాన్ని నెల మిత్తి పక్కన పెట్టి చూడండి. మిగులు మిత్తి కంటే తక్కువైతే ఆ అప్పు తేవద్దు. ఏజెంటు ఎంత మంచివాడైనా, ఎంత దగ్గరి చుట్టమైనా తేవద్దు.

అప్పు గురించి ఇంత పట్టుబట్టి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. అప్పు మనిషి నోరు కట్టేస్తుంది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడితే ఈ మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. విమానం దిగాక కంపెనీ మనిషి ఇంకో కాగితం ముందు పెడతాడు. అది అరబీలో ఉంటుంది. జీతం తక్కువ, పని వేరు. డ్రైవర్ అని తీసుకెళ్లినవాణ్ని గొర్రెల దగ్గరికి పంపుతారు. ఆఫీస్ బాయ్ అని తీసుకెళ్లినవాణ్ని ఎండలో ఇటుకలు మోయమంటారు. అప్పు లేనివాడైతే "నేను చేయను, నన్ను వెనక్కి పంపండి" అంటాడు. అప్పున్నవాడికి ఆ మాట నోట్లోంచి రాదు. ఇంటి దగ్గర పాసుపుస్తకం షావుకారు దగ్గరుంది. భార్య పుస్తెలు బ్యాంకులో ఉన్నాయి. తిరిగొస్తే మిత్తి ఎవరు కట్టాలి? అందుకని సంతకం పెడతాడు. ఈ సంగతి మోసం చేసేవాళ్లకు బాగా తెలుసు. పెద్ద మొత్తం కట్టించుకుంటే ఆ మనిషి తిరిగిపోడని తెలుసు.

ఇంకొందరు ఆ పని తట్టుకోలేక యజమాని దగ్గర నుంచి బయటికొస్తారు. బయట ఎక్కువ కూలి దొరుకుతుందని, అప్పు తొందరగా తీరుతుందని ఆశ. మన గల్ఫ్ కార్మికులు వాళ్లను కల్లివెల్లి అంటారు. యజమాని పారిపోయాడని ఫిర్యాదు ఇస్తాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోతుంది. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లడానికి భయం. ఇంట్లో చావు జరిగినా రావడానికి దారి ఉండదు. ఎప్పుడో ఆ దేశం క్షమాభిక్ష ప్రకటిస్తే, రాయబార కార్యాలయం నుంచి ఔట్‌పాస్ తీసుకుని వట్టి చేతులతో దిగుతారు. అలా దిగినవాళ్ల ఇళ్లలో ఆ పాత ప్రోనోటు ఇంకా తీరకుండానే ఉంటుంది.

వీసా గురించి ఒక్క మాట చెప్పాలి. "ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక కంపెనీ వీసాగా మారుస్తారు" అని ఏజెంటు అంటే, డబ్బు జేబులోంచి తీయకండి. విజిట్ వీసా చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకు, చూసి రావడానికి వెళ్లేవాళ్లకు ఇచ్చేది. దాని మీద పని చేయడం అక్కడ నేరం. ముప్పై రోజులకో, అరవై రోజులకో గడువు అయిపోతుంది. ఆ తర్వాత ఎమిరేట్స్‌లో రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా పడుతుంది. నెలకు 1,500 దిర్హామ్‌లు. మనం లెక్క వేసిన నెల జీతానికి దాదాపు రెండింతలు.

విజిట్ వీసాతో ఇంకో నష్టం ఉంది, అది బయటికి కనిపించదు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టును ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. వాళ్లు గల్ఫ్‌కు ఉద్యోగానికి వెళ్లాలంటే మన ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. దాంతో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే బీమా చేయించాలి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. అక్కడ ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షల రూపాయలు ఇస్తారు. విజిట్ వీసా మీద వెళ్లిన కూలీకి ఈ క్లియరెన్స్ ఉండదు, దాంతో వచ్చే బీమా కూడా ఉండదు. లక్షా నలభై వేల అప్పు చేసి వెళ్లిన మనిషికి అక్కడ ఏదైనా జరిగితే, ఆ అప్పు ఇక్కడ భార్య నెత్తిన పడుతుంది. 275 రూపాయల కాగితం ఉంటే ఆ ఇల్లు నిలబడేది.

కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే అక్కచెల్లెళ్లు కూడా ఈ మాట వినాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకు ముప్పై ఏళ్లు నిండకపోతే ఇంటిపనికి క్లియరెన్స్ ఇవ్వరు. "ఏం ఫర్వాలేదు, విజిట్ మీద పంపిస్తా" అన్నవాడు మిమ్మల్ని ఏ రక్షణా లేకుండా పరాయి ఇంట్లోకి పంపుతున్నాడు.

పదో తరగతి పాసైనవాళ్లకు క్లియరెన్స్ అక్కర్లేదు. అది సౌకర్యమే. కానీ వాళ్ల ఒప్పందాన్ని మన అధికారులెవరూ చూడరు. కాబట్టి చదువుకున్న పిల్లలు తమ కాగితం తామే చూసుకోవాలి. విదేశంలో కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి, లక్షా లక్షన్నర కట్టి వెళ్లిన పిల్లలను కంబోడియాలో సైబర్ మోసాలు చేసే ముఠాలు నిర్బంధించిన సంగతి 2024లో విశాఖపట్నంలో బయటపడింది. అక్కడి పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. ఆ పిల్లలు చదువుకున్నవాళ్లే.

మరి కాగితాలు ఎలా సరిచూసుకోవాలి? ఒక వరుసలో చెబుతాను. ముందు ఏజెంటును లైసెన్సు నంబరు అడగండి. ఊళ్లోని మధ్యవర్తి అయితే, "ఏ ఆఫీసు తరఫున పంపిస్తున్నావు, ఆ ఆఫీసు లైసెన్సు నంబరు ఇవ్వు" అనండి. చెప్పడానికి తడుముకుంటే అక్కడితో లేచి వచ్చేయండి. ఇస్తే, కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో చూడండి. దాని పేరు ఈ-మైగ్రేట్. emigrate.gov.in అని కొడితే వస్తుంది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే చూపిస్తారు, లేకపోతే మీ-సేవలో అడగండి. లైసెన్సున్న ఏజెంట్ల పేర్లు, చిరునామాలు అక్కడ ఉంటాయి. లైసెన్సు ఇంకా నడుస్తోందా, రద్దయిందా అన్నదీ ఉంటుంది. పేరు దొరకగానే ఆగిపోకండి. అక్కడున్న ఫోన్ నంబరుకు మీరే ఫోన్ చేయండి, ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాదు. "ఫలానా కంపెనీకి మీరు మనుషుల్ని తీసుకుంటున్నారా, ఫలానా మనిషి మీ తరఫున తిరుగుతున్నాడా" అని అడగండి. పెద్ద ఆఫీసుల పేర్లు చెప్పుకుని తిరిగేవాళ్లు చాలామంది ఈ ఒక్క ఫోన్‌తో బయటపడతారు.

తర్వాత ఒప్పంద పత్రం. డబ్బు ముందా, పత్రం ముందా అని ఏజెంటు బేరం పెడతాడు. పత్రమే ముందు. అందులో కంపెనీ పేరు, పని పేరు, బేసిక్ జీతం, తిండి ఎవరిది, రూమ్ ఎవరిది, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లు, తిరుగు టికెట్ ఎవరిది అన్నవి చూడండి. ఇంగ్లీషు చదవలేకపోతే ఊళ్లో టీచరునో, పంచాయతీ కార్యదర్శినో అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు. ఫొటో తీసి ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచండి.

డబ్బు చేతికి ఇవ్వకండి. ఆఫీసు బ్యాంకు ఖాతాలో వేయండి. ఖాతా పేరు, లైసెన్సులో ఉన్న పేరు ఒకటే అయి ఉండాలి. "నా భార్య ఖాతాలో వెయ్యి, ఫోన్‌పే కొట్టు" అంటే వెయ్యొద్దు. నోటు కట్టలు చేతికి ఇచ్చినవాళ్ల దగ్గర, రేపు పోలీస్ స్టేషన్‌కు వెళ్తే చూపించడానికి ఏమీ ఉండదు. ఫిర్యాదులు ఎక్కువగా నీరుగారిపోయేది ఇక్కడే. డబ్బు ఇచ్చింది నిజం, తీసుకున్నది నిజం, రుజువు మాత్రం లేదు.

ఊళ్లో ఏజెంటుకు డబ్బు కట్టకుండా వెళ్లే దారులూ ఉన్నాయి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఉంది. ఇవి ప్రభుత్వాలే నడిపే రిక్రూటింగ్ సంస్థలు. వీటి దగ్గర ఉద్యోగాలు తక్కువ. ఎదురుచూడాలి. మీకు కావాల్సిన పని, కావాల్సినప్పుడు దొరక్కపోవచ్చు. అయినా అప్పు తెచ్చే ముందు అక్కడ పేరు నమోదు చేసుకుంటే పోయేదేమీ లేదు.

ఇప్పటికే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు కూడా ఈ ప్రసంగం వింటూ ఉంటారు. వాళ్లకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ఇంకొంచెం కడితే పని అవుతుందన్న మాట నమ్మకండి. "వీసా వచ్చింది, స్టాంపింగ్‌కు ఇరవై వేలు, టికెట్‌కు పదిహేను వేలు" అంటూ విడతలుగా అడుగుతారు. ఇదివరకు కట్టింది పోతుందేమోనన్న భయంతో మనం కొత్త అప్పు తెస్తాం. ఆ భయాన్నే వాళ్లు వాడుకుంటారు. కొత్త రూపాయి ఇచ్చే ముందు పాతదానికి రసీదు, వీసా కాపీ, ఒప్పంద పత్రం అడగండి.

రెండోది, పాస్‌పోర్టు వెనక్కి తీసుకోండి. అది భారత ప్రభుత్వ ఆస్తి. డబ్బు వివాదం తేలేదాకా దాన్ని బిగబట్టుకునే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. ఇవ్వనంటే మీ మండలం పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు ఏ తేదీన, ఎవరి ముందు, ఎంత ఇచ్చారో రాయండి. వాట్సాప్‌లో ఏజెంటు పంపిన మాటలు, ఆడియోలు చెరిపేయకండి. అవే మీ రసీదులు. చుట్టరికం చెడుతుందని ఆగిపోకండి. మీరు ఆగిన ప్రతి నెలా మిత్తి మాత్రం ఆగదు.

హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది, అక్కడా ఫిర్యాదు చేయవచ్చు. విదేశాంగ శాఖ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి మన దేశంలో ఎక్కడినుంచైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కూడా అక్కడ అడగవచ్చు. నంబరు రాసుకోండి. 1800 11 3090. మరోసారి చెబుతున్నాను. ఒకటి, ఎనిమిది, సున్నా, సున్నా. ఒకటి, ఒకటి. మూడు, సున్నా, తొమ్మిది, సున్నా.